నోటీసు పూర్తి చేయకుండా వచ్చేస్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, అంటే బీజీవీలో, పాత కంపెనీ ఏం చెబుతుంది?

ప్రశ్న: మాది రాయగడ. ఇక్కడి ఒక ప్లాంటు స్టోర్స్‌లో రెండేళ్లు చేశాను. 60 రోజుల నోటీసు ఉంటే ఇంట్లో పరిస్థితి బాగోక 25 రోజులకే మానేశాను. రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు. "ఎక్కడికెళ్లినా నాకే ఫోన్ చేస్తారు, అప్పుడు చూస్తా" అన్నాడు మా మేనేజరు. ఇప్పుడు విశాఖలో ఆఫర్ వచ్చింది, బీజీవీ ఫారం పంపారు. పాతవాళ్లు ఏమైనా చెప్పేయొచ్చా? కొత్తవాళ్లు ఏమేం అడగొచ్చు? ఆ ఉద్యోగం చూపించకుండా వదిలేస్తే పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

వదిలేయకండి. రెండేళ్లు పీఎఫ్ కట్టి ఉంటే ఆ ఉద్యోగం మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌లో తేదీలతో సహా కూర్చుని ఉంటుంది. కొత్త కంపెనీ పీఎఫ్ ఖాతా కలిపే రోజునే అది బయటపడుతుంది. నోటీసు తక్కువ చేశానని మీరే ముందుగా రాస్తే అది చిన్న విషయం. దాచాక బయటపడితే మీరు తప్పు సమాచారం ఇచ్చినట్టవుతుంది, దానికి ఆఫర్ కూడా వెనక్కి తీసుకోవచ్చు. ఇక మీ మేనేజరు సంగతి: చాలా వరకు ఆ ఫోన్ ఆయనకు రాదు.

నాది పర్లాకిమిడి. విశాఖలో ఒక వెరిఫికేషన్ ఏజెన్సీలో ఏడేళ్లు చేశాను. మొదటి రెండేళ్లు బండి మీద గుణుపురం, రాయగడ, కొరాపుట్ తిరుగుతూ అడ్రసులు చూసేవాణ్ణి. తరవాత పాత ఉద్యోగాలు సరిచూసే డెస్కులో కూర్చున్నాను. ఇప్పుడు బరంపురంలో ఒక సంస్థ హెచ్‌ఆర్‌లో ఉన్నాను, అంటే అప్పట్లో నేను వేసిన ప్రశ్నలకే ఇప్పుడు నేను జవాబులు రాస్తున్నాను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. జనం రెండింటినీ కలిపేసి భయపడతారు. ఎంప్లాయ్‌మెంట్ వెరిఫికేషన్ వేరు, రిఫరెన్స్ చెక్ వేరు. మొదటిది రికార్డు చూసి చెప్పేది. ఏజెన్సీ మీ పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు, కంపెనీ సొంత డొమైన్ ఉన్న మెయిల్ ఐడీకి ఒక ఫారం పంపుతుంది. మీరు చెప్పిన వివరాలు ఒక వరుసలో, వాళ్లు నింపాల్సిన ఖాళీ పక్క వరుసలో ఉంటాయి. చేరిన తేదీ, చివరి పనిదినం, హోదా, ఎంప్లాయీ నంబరు, చివరి జీతం, మానేసిన కారణం, ఎగ్జిట్ ఫార్మాలిటీస్ పూర్తయ్యాయా, మళ్లీ తీసుకుంటారా, క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉన్నాయా. దాదాపు ఇంతే. జీతం చెప్పాలంటే మీరు సంతకం చేసిన అనుమతి పత్రం చూపమంటారు. చాలా కంపెనీలు తేదీలు, హోదా తప్ప ఇంకేమీ చెప్పవు. అది వాళ్ల పాలసీ.

రెండోది అభిప్రాయం. పనెలా చేసేవాడు, టీమ్‌తో ఎలా ఉండేవాడు, ఏం మెరుగుపడాలి అని అడుగుతారు. ఇది సాధారణంగా మీరు పేరిచ్చిన వాళ్లనే అడుగుతారు. మీ మేనేజరు మనసు తెలిసి కూడా ఆయన పేరు ఇవ్వాల్సిన పని లేదు. స్టోర్స్‌లో మీ మీద ఉన్న సీనియర్ గానీ, మీరు రోజూ మెటీరియల్ ఇచ్చిన మెయింటెనెన్స్ ఇంజినీరు గానీ, పర్చేజ్‌లో ఒకరు గానీ చాలు. ముందుగా వాళ్లకు ఫోన్ చేసి, ఫలానా నంబరు నుంచి కాల్ వస్తుందని చెప్పి ఉంచండి. "రిపోర్టింగ్ మేనేజరు పేరు" అని ఫారంలో ప్రత్యేకంగా అడిగితే మాత్రం ఆయన పేరే రాయాలి, అక్కడ వేరే పేరు పెడితే అదీ తేడాగా పడుతుంది. కొత్త కంపెనీలో ఎవరికో మీ పాత ప్లాంటులో స్నేహితుడు ఉండి వెనక నుంచి వాకబు చేయడమూ జరుగుతుంది. దాన్ని మీరు ఆపలేరు. కానీ ఆ మాట ఏజెన్సీ రిపోర్టులో రాదు. ఫోన్‌లో విన్నది రాయాలంటే మా డెస్కులో మాట్లాడినవారి పేరు, హోదా, నంబరు, తేదీ రాయాలి. "ఒకాయన ఎత్తాడు, మంచివాడు కాదన్నాడు" అని రాస్తే నా పై అధికారి తిప్పి కొట్టేవాడు. ఒకసారి ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్ ఎత్తి, ఒకతని గురించి పది నిమిషాలు ఒడియాలో పొగిడాడు. పాపం, ఆ పొగడ్త కూడా రిపోర్టులోకి ఎక్కలేదు.

ఇప్పుడు మీ అసలు సమస్య. 60లో 25 చేశారు, 35 రోజులు తగ్గింది. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీసు షరతు చదవండి. తగ్గిన రోజులకు జీతం కట్టి వెళ్లొచ్చని సాధారణంగా ఉంటుంది, ఆ జీతం బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నదీ ఉంటుంది. ఈ ఒక్క మాటతో లెక్క మారిపోతుంది. ఉదాహరణకు గ్రాస్ 24,000 అనుకుంటే రోజుకు 800, 35 రోజులకు 28,000. బేసిక్ 12,000 మీద అయితే 14,000 మాత్రమే. మీకు రావాల్సిన చివరి జీతం, మిగిలిన సెలవుల డబ్బు దీంట్లోంచి పోతే మీరు కట్టాల్సింది కొద్దిగానే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా.

అందుకే ఫారం నింపే ముందు పాత హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి. మేనేజరుకు కాదు, హెచ్‌ఆర్‌కు. రాజీనామా ఇచ్చిన తేదీ, చివరి పనిదినం, నోటీసు 35 రోజులు తగ్గిందని రాయండి. దాని రికవరీని ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో సర్ది, లెక్క పంపి, రిలీవింగ్ లెటర్ ఇవ్వమని అడగండి. కోపం, వివరణలు, ఇంట్లో కష్టాలు ఏమీ వద్దు. జవాబు రాకపోయినా ఆ మెయిల్ మీకు పనికొస్తుంది. నేను పారిపోలేదు, లెక్క తేల్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను అన్నదానికి తేదీతో ఉన్న రుజువు అది.

ఇలాంటి కేసుల్లో మనిషిని నిజంగా దెబ్బతీసేది "నోటీసు తక్కువ" అన్న మాట కాదు, "అబ్‌స్కాండెడ్" అన్న మాట. చెప్పకుండా పారిపోయాడని అర్థం. రాజీనామా ఇచ్చి వెళ్లినవాడికి ఆ మాట వర్తించదు, కానీ కోపంతోనో అలవాటుగానో రాసేస్తారు. నా డెస్కు మీదకు వచ్చిన ఒక కేసు చెబుతాను. గుణుపురం కుర్రాడు, హైదరాబాద్‌లో ఆఫర్. పాత కంపెనీ హెచ్‌ఆర్ కారణం దగ్గర అబ్‌స్కాండెడ్ అని రాసి పంపింది. మా సిస్టంలో వెంటనే రెడ్ పడింది, అంటే పెద్ద తేడా ఉందని గుర్తు. కుర్రాణ్ణి అడిగితే మూడు కాగితాలు పంపాడు. మార్చి 3న పెట్టిన రాజీనామా మెయిల్, 5న "ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించండి" అని అదే హెచ్‌ఆర్ ఇచ్చిన జవాబు, 14న అవి అందినట్టు సంతకం పెట్టించుకున్న చీటీ. పారిపోయినవాడు ల్యాప్‌టాప్ అప్పగించి సంతకం తీసుకుంటాడా? ఆ మూడూ జతచేసి హెచ్‌ఆర్‌కు తిరిగి రాశాం. నాలుగు పనిదినాల్లో సవరించి పంపారు. రాజీనామా చేశాడు, 30 రోజుల నోటీసులో 12 రోజులు చేశాడు, 18 రోజుల రికవరీ బాకీ అని.

కథ అక్కడ అయిపోతే బాగుండేది. కానీ ఆ కుర్రాడు తన ఫారంలో చివరి పనిదినం ఏప్రిల్ 1 అని రాశాడు. నోటీసు పూర్తి చేసినట్టు కనపడితే బాగుంటుందనుకున్నాడట. హెచ్‌ఆర్ చెప్పింది మార్చి 14. ఇది హెచ్‌ఆర్ పొరపాటు కాదు, ఈ తేడాను మేం తీసేయలేం. రిపోర్టులో అలాగే ఉండిపోయింది. కొత్త కంపెనీ రాతపూర్వకంగా వివరణ అడిగింది, జాయినింగ్ మూడు వారాలు వెనక్కి పోయింది. పక్కవాడు రాసిన అబద్ధం నాలుగు రోజుల్లో తీరింది, తను కలిపిన 18 రోజులు మూడు వారాలు వెంటాడాయి.

మీరు కారణం దగ్గర ఇలా రాయండి: "కుటుంబ కారణాల వల్ల రాజీనామా. 60 రోజుల నోటీసులో 25 రోజులు చేశాను. 35 రోజుల రికవరీ సెటిల్‌మెంట్‌లో సర్దమని ఫలానా తేదీన హెచ్‌ఆర్‌ను కోరాను. రిలీవింగ్ లెటర్ రాలేదు." ఇక పాతవాళ్లు ఏం రాసినా కొత్తవాళ్లకు అది కొత్త సంగతి కాదు. మళ్లీ తీసుకుంటారా అన్నచోట "లేదు" అని రావొచ్చు, రానివ్వండి. నోటీసు చేయకపోతే తిరిగి తీసుకోని పాలసీ ఉన్న సంస్థలు ఉన్నాయని అవతలి హెచ్‌ఆర్‌కు తెలుసు.

పాతవాళ్లు అసలు జవాబే ఇవ్వకపోతే? రాయగడ వైపు చిన్న యూనిట్లలో ఇదే ఎక్కువ. రెండు మూడు సార్లు మెయిల్, ఫోన్ చేసి, మా వాళ్లు "వెరిఫై చేయలేకపోయాం" అని రాస్తారు. అది రెడ్ కాదు, సాధారణంగా ఆంబర్, అంటే ఇంకా తేలలేదని. అప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16 ఉంటే అది, పీఎఫ్ రికార్డు చూసి కొత్త కంపెనీయే నిర్ణయం తీసుకుంటుంది.

పీఎఫ్ మాట వచ్చింది కాబట్టి ఈ రోజే ఒక పని చేయండి. ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో View కింద Service History తెరిచి, మానేసిన తేదీ పడిందో లేదో చూడండి. పడకపోతే కాగితం మీద మీరింకా పాత ఉద్యోగంలోనే ఉన్నట్టు, కొత్తదాంట్లో చేరాక ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు కనపడుతుంది. చివరి చందా పడి రెండు నెలలు దాటితే Manage కింద Mark Exit లో ఆధార్ ఓటీపీతో మీరే తేదీ వేసుకోవచ్చు. చివరి చందా పడిన నెలలోని తేదీ మాత్రమే తీసుకుంటుంది. ఒకసారి వేశాక మార్చుకోవడం అంత తేలిక కాదు, అందుకని రాజీనామా మెయిల్‌తో సరిచూసుకుని వేయండి. పీఎఫ్‌లో బ్లాక్‌లిస్ట్ చేస్తారని మన వైపు ఒక పుకారు ఉంది. అక్కడ మానేసిన కారణానికి ఉండేవి ఉద్యోగం ముగిసింది, రిటైరయ్యాడు, చనిపోయాడు, శాశ్వత వైకల్యం లాంటివే. పారిపోయాడని రాసే గడి లేదు.

చట్టం సంగతి. పాత యజమాని రిఫరెన్స్ ఇచ్చి తీరాలని గానీ, చెడు చెప్పకూడదని గానీ మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. ఉన్నది పరువునష్టం చట్టం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356, అంతకుముందు ఐపీసీ 499. తెలుసుకోవాల్సిన అవసరం ఉన్నవాడికి, సద్బుద్ధితో, తన దగ్గరున్న సమాచారం చెబితే దానికి మినహాయింపు ఉంది. అంటే "35 రోజుల నోటీసు బాకీ, విచారణలో ఫలానా చర్య తీసుకున్నాం" అని రికార్డు చూసి చెబితే తప్పు కాదు. స్టాకు లెక్క తేలకపోతే తేలలేదనీ చెప్పొచ్చు. విచారణ లేదు, నోటీసు లేదు, అయినా దొంగ అంటే ఆ రక్షణ నిలబడడం కష్టం. అయితే కోర్టు దాకా వెళ్లమని నేను చెప్పను. ముందు ఏజెన్సీకి కాగితాలతో అభ్యంతరం పెట్టండి, రిపోర్టులో మీ మీద ఏం వచ్చిందో కొత్త హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. అబద్ధం కాగితం మీద దొరికితేనే లాయర్ నోటీసుకు బలం. మేనేజరు నోటి మాటగా "చూస్తా" అన్నది దేనికీ పనికిరాదు, మీకైనా ఆయనకైనా.

కొత్తవాళ్లు అడగదగినవి: గుర్తింపు, అడ్రసు, చదువు, పాత ఉద్యోగాలు, కోర్టు కేసులు, ప్లాంటు అయితే ఫిట్‌నెస్ మెడికల్. డబ్బు చూసే ఉద్యోగమైతే క్రెడిట్ రిపోర్టు కూడా. పోలీసు కేసు గురించి ప్రశ్న ఉంటే దాన్ని రెండుసార్లు చదవండి. "శిక్ష పడిందా" అని అడగడం వేరు, "ఎప్పుడైనా కేసు నమోదైందా" అని అడగడం వేరు. అడిగినదానికి నిజం రాయాలి, అడగనిది రాయక్కర్లేదు. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగం అనడం 2017 చట్టం ప్రకారం కుదరదు. ప్రస్తుతం పనిచేస్తున్న చోటికి, మీరు రాజీనామా ఇచ్చేదాకా ఫోన్ చేయొద్దని ఫారంలో టిక్ పెట్టే వీలుంటుంది. మీకిప్పుడు అవసరం లేదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

పీఎఫ్ పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరడిగినా ఇవ్వకండి. passbook.epfindia.gov.in నుంచి పాస్‌బుక్ పీడీఎఫ్ దించి పంపండి, చాలు. బీజీవీకి డబ్బు కట్టమని అడిగారంటే అది మోసం అనుకోండి. ఆ ఖర్చు తీసుకునే కంపెనీది.

మన సరిహద్దు వాళ్లకు ఇంకో చిక్కు, పేర్లు. తెలుగిళ్లలో ఇంటిపేరు ముందు, ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌లో చివర, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. ఇది తప్పు కాదు, కానీ "ఇన్‌సఫిషియెంట్" అని ఫైలు ఆగిపోతుంది. ఫారంలో "ఇతర పేర్లు" అన్నచోట అన్ని రూపాలూ రాసేయండి. పాత కాగితాల్లో కొరాపుట్ జిల్లా అనీ ఇప్పుడు రాయగడ జిల్లా అనీ ఉంటుంది. 1992లో జిల్లా విడిపోయిందని విశాఖలో కూర్చున్న కుర్రాడికి తెలియకపోవచ్చు, ఒక ముక్క రాయండి.

చివరిగా ఒకటి అడగాలి. నిజానికి ఇదే ముందు అడగాల్సింది. "ప్లాంటులో చేశాను" అన్నారు. పేస్లిప్పు పైన ఎవరి పేరుంది, ప్లాంటుదా కాంట్రాక్టరుదా? రాయగడ వైపు నేను చూసిన రెడ్ కేసుల్లో చాలావాటికి కారణం చెడ్డ మేనేజరు కాదు, ఇదే. మనిషి ప్లాంటు గేటులోంచే వెళ్తాడు, ప్లాంటు హెల్మెట్టే పెట్టుకుంటాడు, ఫారంలో ప్లాంటు పేరే రాస్తాడు. ప్లాంటు హెచ్‌ఆర్ రోల్ చూసి "ఈ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచేయలేదు" అని రాసేస్తుంది. వాళ్లు అబద్ధమాడలేదు, అతని పీఎఫ్ కాంట్రాక్టరు కోడ్ మీద ఉంది. కానీ రిపోర్టు చదివేవాడికి అది దొంగ ఎక్స్‌పీరియన్స్‌లా కనపడుతుంది.

మీదీ అలాంటిదే అయితే యజమాని పేరు దగ్గర కాంట్రాక్టరు పేరు, పని చేసిన చోటు దగ్గర ప్లాంటు పేరు రాయండి. మీకు నోటీసు షరతు పెట్టింది ఎవరో కూడా అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడండి, ఆ 35 రోజుల మెయిల్ వెళ్లాల్సింది వాళ్లకే. Service History లో సంస్థ పేరు ఎలా ఉందో చూసి, కంపెనీ పేరు తీసేసి ఇక్కడ రాస్తే ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో చెబుతాను.